సర్వీసు ఆగినప్పుడు తొలి మెసేజ్

ఒక చెల్లింపుల యాప్‌లో సాయంత్రం కార్డు చెల్లింపులు ఆగిపోతున్నాయనుకుందాం. డ్యూటీలో ఉన్న ఇంజనీరు వెంటనే టీమ్ చానెల్‌లో ఇలా రాస్తాడు:

“మేజర్ ఇన్సిడెంట్ ప్రకటిస్తున్నాం. 7:10 నుంచి కార్డు చెల్లింపుల్లో సుమారు సగం ఫెయిలవుతున్నాయి. యూపీఐ బాగానే ఉంది. కారణం ఇంకా తెలియదు. ఇన్సిడెంట్ కమాండర్: లక్ష్మి. మరమ్మతు: రవి. కస్టమర్లకు సమాచారం: సలీం. తర్వాతి అప్‌డేట్ 7:50కి.”

ఇందులో డేటాబేస్ ఊసే లేదు. ఉన్నదల్లా కస్టమర్‌కు ఎదురవుతున్న ఇబ్బందే. యూపీఐ పనిచేస్తోందని తెలిస్తే, ఫోన్లు ఎత్తే సిబ్బంది అదే దారి చూపించగలరు. కారణాన్ని ఊహించి రాస్తే మాత్రం అందరూ ఆ ఒక్కచోటే వెతుకుతారు.

పాత్రల పంపకం కాలిఫోర్నియా అగ్నిమాపక దళాల నుంచి వచ్చింది. 1970లో అక్కడ కార్చిచ్చులు చెలరేగినప్పుడు, ఎవరి ఆదేశం ఎవరు వినాలో తెలియక గందరగోళం నెలకొంది. ఆ అనుభవంతోనే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ రూపొందింది. తర్వాత గూగుల్ వంటి సంస్థలు దాన్ని తమకు తగ్గట్టు మలచుకున్నాయి.

కమాండర్ కోడ్ ముట్టుకోరు. నిర్ణయాలు తీసుకుంటారు, పనులు అప్పగిస్తారు. “టీమ్ చూస్తోంది” అని రాస్తే రెండు చిక్కులొస్తాయి. ఒకే సర్వర్‌ను ఇద్దరు ఒకేసారి రీస్టార్ట్ చేస్తారు, కస్టమర్లకు మాత్రం ఎవరూ చెప్పరు.

సమయం చెప్పకపోతే నిమిషానికొకరు “ఏమైంది?” అని రవిని అడుగుతూనే ఉంటారు. అందుకే 7:50కి కొత్త సంగతేమీ లేకపోయినా లక్ష్మి అప్‌డేట్ పెట్టాలి: ఇప్పటిదాకా ఏం పరీక్షించారు, ఏ అనుమానం తొలగింది, మళ్లీ ఎప్పుడు చెబుతారు.