కిరాయి బిల్లులో వెయ్యి రూపాయల తేడా

లారీ సరుకు దించి వెళ్లిపోయిన ఏ రెండు వారాలకో కిరాయి బిల్లు వస్తుంది. అందులోని అంకె సరైనదేనా? పెద్ద కంపెనీల్లో దాన్ని తేల్చేది ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్. ఆ లెక్కకు పునాది మాత్రం లారీ మాట్లాడిన రోజే పడుతుంది.

హైదరాబాద్ దగ్గర ఓ దాణా ఫ్యాక్టరీ ఉందనుకుందాం. విజయవాడ డీలరుకు 4 టన్నులు, రాజమండ్రికి 3, విశాఖపట్నానికి 8 టన్నులు పంపాలి. మూడూ ఒకే దారిలోవి కాబట్టి సిస్టమ్ ఆ ఆర్డర్లను కలిపి పది టైర్ల లారీకి 15 టన్నుల లోడు కడుతుంది. చివర దిగే విశాఖ బస్తాలు ముందుగా ఎక్కాలి.

ఇక లారీ ఎవరిది? ఒక ట్రాన్స్‌పోర్టర్ రేటు టన్నుకు 1,900 రూపాయలు, మరొకరిది 1,800. రెండోదే చవక అనిపిస్తుంది. కానీ ఆయన ఒప్పందంలో, ఎంత ఎక్కించినా కనీసం 18 టన్నుల కిరాయి ఇవ్వాలని ఉంది. అంటే 32,400. మొదటాయనకు 28,500 చాలు. రేటుతోపాటు ఇలాంటి షరతులనూ ముందే నమోదు చేసి ఉంటేనే సిస్టమ్ ఈ తేడా పట్టుకుంటుంది.

మొదటాయన లారీయే వెళ్లింది. బిల్లు 32,100కి వచ్చింది: కిరాయి 28,500, దారిలో రెండుచోట్ల సరుకు దించినందుకు 1,600, విశాఖలో రెండు రోజుల హాల్టింగ్‌కు 2,000. సిస్టమ్ బిల్లులోని ఎల్‌ఆర్ నంబరు పట్టుకుని పాత నమోదులు తీస్తుంది. ఆ నంబరు మీద ఇదివరకే చెల్లింపు జరిగి ఉంటే బిల్లు అక్కడే ఆగిపోతుంది. కిరాయి, దింపుడు ఖర్చు ఒప్పందంతో సరిపోయాయి. హాల్టింగ్ దగ్గరే చిక్కు. డీలరు ముద్ర వేసి ఇచ్చిన డెలివరీ కాపీ ప్రకారం లారీ 4వ తేదీ ఉదయం 10కి చేరి, 5న సాయంత్రం 6కి ఖాళీ అయింది. మొత్తం 32 గంటలు. ఒప్పందం ప్రకారం మొదటి 24 గంటలకు హాల్టింగ్ లేదు, ఆపైన రోజుకు వెయ్యి. రావాల్సింది ఒక్క రోజుదే. 31,100కి ఆమోదం, మిగతా వెయ్యికి అభ్యంతరం.

డెలివరీ కాపీ మీద చేరిన టైము రాయకపోతే ఈ అభ్యంతరానికి ఆధారమే ఉండదు. అప్పుడు ట్రాన్స్‌పోర్టర్ చెప్పిందే లెక్క.

తేడా వచ్చిన ప్రతిసారీ తప్పు ట్రాన్స్‌పోర్టర్‌దే అనుకోకూడదు. ఒకే రూటులో, అందరి బిల్లులూ ఒకే శాతం ఎక్కువగా వస్తుంటే డీజిల్ ధరతో పెరిగిన కొత్త రేటును ఆఫీసులో ఎక్కించలేదేమో చూడాలి. దీనికి తిరగబడిన చిక్కూ ఉంది. చిన్న తేడాలను వదిలేయమని సిస్టమ్‌కు 1 శాతం హద్దు పెడితే, ఒకరి బిల్లులు మాత్రం ఎప్పుడూ 0.9 శాతం ఎక్కువే ఉండొచ్చు. ఒక్కో బిల్లూ విడిగా పాసైపోతుంది. నెలకోసారి ట్రాన్స్‌పోర్టర్‌వారీగా తేడాలు కూడి చూసినప్పుడే అది బయటపడుతుంది.