పదేళ్ల తర్వాతి గులాబీ

టాటూ దుకాణం గోడ మీద అతికించి ఉండే రెడీమేడ్ బొమ్మలను ఫ్లాష్ అంటారు. గులాబీ, బాకు, లంగరు... వేలు పెట్టి చూపిస్తే చాలు, అదే బొమ్మ ఒంటి మీదికి ఎక్కుతుంది. సెయిలర్ జెర్రీగా పేరుపడ్డ నార్మన్ కాలిన్స్ హోనొలులులో నావికుల కోసం గీసిన ఫ్లాష్‌లో లావుపాటి నల్ల గీతలు, చిక్కటి నీడలు, కొద్దిపాటి రంగులే కనిపిస్తాయి. ఆ పొదుపు వెనక చర్మం గురించిన ఎరుక ఉంది.

సిరా పైపొరలో కాకుండా దాని కింది పొరలో నిలుస్తుంది. అక్కడి రక్షక కణాలు దాన్ని మింగి పట్టుకుంటాయి. ఒక కణం చనిపోతే వదిలిన సిరాను మరో కణం అందుకుంటుందని 2018లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో తేలింది. బొమ్మ చెరిగిపోకపోవడానికి కారణం అదే. అయినా ఏళ్లు గడిచేకొద్దీ గీత అంచులు పక్కకు పాకుతాయి. మన ఊళ్లలో పెద్దవాళ్ల ముంజేతి మీది పాత పచ్చబొట్లు చూస్తే సంగతి అర్థమవుతుంది: చుక్కలు ఉబ్బి, అక్షరాలు అలుక్కుపోయి, నలుపు నీలిపచ్చగా మారి ఉంటుంది.

ఇప్పుడు ఆరు సెంటీమీటర్ల గులాబీని తీసుకుందాం. బయటి గీత ఒక మిల్లీమీటరు, రేకుల మధ్య ఖాళీ అర మిల్లీమీటరు. ప్రతి గీతా ఒక్కో పక్కకు పావు మిల్లీమీటరు పాకిందనుకుంటే ఆ ఖాళీ పూర్తిగా మూసుకుపోతుంది. పువ్వు నడుమ నల్ల ముద్ద మిగులుతుంది. అదే ఖాళీ రెండు మిల్లీమీటర్లుంటే ఒకటిన్నర మిగిలి, రేకులు విడివిడిగానే కనబడతాయి. అందుకే ఫ్లాష్‌ను చూసేటప్పుడు గీతల కంటే ముందు వాటి మధ్య చోటు చూడాలి.

గులాబీ కింద రిబ్బన్ మీద పేరు రాయించుకుంటే తెలుగు అక్షరాలకు మరింత చోటు కావాలి. ‘ఉష’లో ‘ష’ లోపలి గీత కలిసిపోతే ‘ప’లా కనిపిస్తుంది. ‘థ’ కడుపులోని చుక్క కూడా అంతే. పేరు చిన్న రిబ్బన్‌లో ఇమడకపోతే అక్షరాలను కుదించకుండా రిబ్బన్‌నే పెంచమనాలి.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. బొమ్మను అసలు సైజులో ప్రింటు తీసి, గీతలకు రెట్టింపు మందమున్న స్కెచ్ పెన్నుతో వాటి మీదే మళ్లీ గీయాలి. మూసుకుపోయిన చోట్లే రేపటి మచ్చలు. తర్వాత గది అవతలి నుంచి చూస్తే అది గులాబీ అని గుర్తుపట్టగలగాలి.

సన్నగీత తప్పేమీ కాదు. చుట్టూ ఖాళీ ఉంటే ఒంటరి సన్నగీత పక్కదానితో కలిసిపోదు, కాకపోతే త్వరగా వెలిసిపోవచ్చు. చామనఛాయ చర్మంలో సిరా పైనున్న సహజ వర్ణం లేత పసుపును, లేత గులాబీ రంగును కప్పేస్తుంది. కాబట్టి రంగు తీసేసినా నలుపుతోనే నిలబడే బొమ్మను ఎంచుకోవడం మేలు. వేళ్ల మీద, పాదం అంచున ఎంత మంచి గీతైనా త్వరగా అరుగుతుంది. ఆ చోట్లకు వివరాలు నిండిన గులాబీ వద్దని చెప్పే కళాకారుడి మాట వినాలి.