సగం గడువు గడిస్తే సగం పని అయినట్టేనా?

అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తన కేసు ఫైళ్లను కాగితం నుంచి కంప్యూటర్లోకి మార్చడానికి 2006లో ‘సెంటినెల్’ ప్రాజెక్టును లాక్‌హీడ్ మార్టిన్‌కు అప్పగించింది. పనిని నాలుగు దశలుగా విడగొట్టి గడువులు రాసుకున్నారు. 2010 వచ్చేసరికి 45.1 కోట్ల డాలర్ల బడ్జెట్‌లో దాదాపు 40.5 కోట్లు ఖర్చయ్యాయి. చేతికొచ్చినవి రెండు దశలే. అప్పుడు ఎఫ్‌బీఐ పనిని తానే తీసుకుని, రెండేసి వారాల స్ప్రింట్లతో నడిపింది. అయినా 2011 సెప్టెంబరుకు అనుకున్నది 2012 జులైకి గానీ ఉద్యోగులకు అందలేదు.

అంటే స్ప్రింట్లు పెట్టుకున్నంత మాత్రాన గడువు నిలబడదు. కాకపోతే ఎంత పని నిజంగా పూర్తయిందో రెండు వారాలకోసారి బయటపడుతుంది.

ఇప్పుడు చాలా ఐటీ ప్రాజెక్టుల్లో ఈ రెండు పద్ధతులూ కలిసే ఉంటాయి. కస్టమర్‌తో కుదిరిన ఒప్పందంలో అవసరాల ఖరారు, డిజైన్, నిర్మాణం, యూఏటీ, గో-లైవ్ అని వాటర్‌ఫాల్ దశలుంటాయి. కస్టమర్ మనుషులే కూర్చుని పరీక్షించి చూసే దశను యూఏటీ అంటారు. ఒక్కో దశ ముగిసి సైన్-ఆఫ్ అయితేనే బిల్లు కదులుతుంది. నిర్మాణ దశ లోపల మాత్రం టీమ్ పనిని చిన్న చిన్న స్టోరీలుగా విడదీసి, వాటి బరువును బట్టి పాయింట్లు వేసి, స్ప్రింట్ బోర్డు మీద నడుపుతుంది. చిక్కు వచ్చేది ఈ రెండింటినీ కలిపి పైవాళ్లకు రిపోర్టు రాసేటప్పుడే.

ఒక బీమా కంపెనీ యాప్ కడుతున్నారనుకుందాం. నిర్మాణానికి 16 వారాలు, అంటే 8 స్ప్రింట్లు. మొత్తం పని 320 పాయింట్లు. స్ప్రింట్‌కు 40 చొప్పున లెక్క సరిపోతుంది. నాలుగు స్ప్రింట్లు గడిచాక ప్లాన్‌లోని గీత ‘50 శాతం’ అంటుంది. అది చెప్పేది గడిచిన రోజుల సంగతి. బోర్డు చూస్తే పూర్తయినవి వరుసగా 28, 32, 38, 38, మొత్తం 136. ఈలోగా కస్టమర్ అడిగిన మార్పులతో పని 344కు పెరిగింది. కాబట్టి నిజంగా అయింది 40 శాతానికి కొంచెం తక్కువే.

మిగిలింది 208 పాయింట్లు, నాలుగు స్ప్రింట్లు. సగటున 34 చొప్పున నడిస్తే మరో 136 అవుతాయి. అతి నెమ్మది స్ప్రింట్ లెక్కన 112, అతి వేగం లెక్కన 152. ఏ లెక్కన చూసినా అంతా గడువులోపు కాదు. ఈ దశలో రిపోర్టులో ఆకుపచ్చ రంగు వేస్తే అది అబద్ధం. ‘ఆలస్యం’ అని ఒక్క ముక్క రాసినా చాలదు. అడగాల్సింది వేరే ఉంది: గో-లైవ్ నాటికి తప్పనిసరిగా ఉండాల్సినవి ఏవి?

అలా వేరుచేస్తే తప్పనిసరివి 130, ఆగగలిగేవి 78 అని తేలిందనుకోండి. అప్పుడు రిపోర్టు ఇలా రాయొచ్చు: ‘78 పాయింట్ల పనిని రెండో విడతకు మారిస్తే సగటు వేగంతో యూఏటీ తేదీ అందుతుంది. వేగం తగ్గితే 18 పాయింట్లు మిగిలిపోతాయి. వచ్చే స్ప్రింట్ మొదలయ్యేలోపు నిర్ణయం కావాలి.’ కస్టమర్‌కు తేదీ కనపడింది, టీమ్‌కు పని కనపడింది, నిర్ణయం ఎవరిదో కూడా తెలిసింది.

ఇది జరగాలంటే ప్రతి స్టోరీ ఏ మైల్‌స్టోన్‌కు చెందిందో మొదటి రోజే గుర్తు పెట్టాలి. జిరా వాడేవాళ్లు ఇందుకు వెర్షన్ ఫీల్డ్ వాడతారు. యూఏటీకి ఇంకా ఏం మిగిలిందో తెలుసుకోవడానికి ఒక్క వరుస చాలు:

```
fixVersion = "UAT-1" AND statusCategory != Done
```

అయితే ‘డన్’ అన్న గడిలోకి ఏం చేరుతోందన్నదాని మీదే ఈ లెక్కంతా నిలుస్తుంది. కోడ్ రాయగానే కార్డును అటు జరిపేస్తే, పేమెంట్ గేట్‌వేతో కలిపి నడిపి చూడటం, లోపాలు సరిదిద్దడం అన్నీ యూఏటీ మీద పడతాయి. పూర్తయిన స్టోరీలు పెరుగుతున్నా వాటి మీద తెరిచిన లోపాల సంఖ్య తగ్గకపోతే అదే జరుగుతోందని గుర్తు. సెంటినెల్‌లోనూ 2009 చివర్లో ఒక విభాగాన్ని తీవ్రమైన లోపాలుండగానే షరతులతో స్వీకరించారు.

బోర్డు మీద కనపడని పనులూ కొన్నుంటాయి. సర్వర్ల కొనుగోలు, బయటి సంస్థ చేసే సెక్యూరిటీ ఆడిట్, బ్యాంకు ఇవ్వాల్సిన ఏపీఐ లాంటివాటికి పాయింట్లుండవు, తేదీలే ఉంటాయి. ఏపీఐ ఆరో స్ప్రింట్‌కు వస్తుందని ప్లాన్‌లో ఉండి, దాని మీద ఆధారపడ్డ స్టోరీని ఐదో స్ప్రింట్‌లో పెట్టుకుంటే ఆ కార్డు ‘బ్లాక్’ అయి కూర్చుంటుంది. అందుకే స్ప్రింట్ ప్లానింగ్ రోజున రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని, వచ్చే రెండు స్ప్రింట్ల స్టోరీల్లో ఏది ఎవరి తేదీ కోసం ఎదురుచూస్తోందో చూసుకోవాలి.

ఇక పాయింట్లను టీమ్‌ల మధ్య పోల్చకూడదు. ఒక టీమ్ 5 వేసిన పనికి మరో టీమ్ 8 వేయొచ్చు. వేగాన్ని బట్టి టీమ్‌కు మార్కులేస్తే తర్వాతి నెలలోనే పాయింట్లు ఉబ్బిపోతాయి, ఆ వేగంతో వేసిన తేదీ అంచనా కూడా చెడిపోతుంది.