దెబ్బ తగలని ప్రమాదం

ఎవరికీ దెబ్బ తగలకుండా తప్పిపోయిన ప్రమాదాన్ని గోదాముల్లో ‘నియర్ మిస్’ అంటారు. అది నమోదు కాకుండా పోవడం ఎంత సులువో ఈ చిన్న కథ చెబుతుంది.

సరుకు దించుతున్న ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కులు పై అరను మోసే అడ్డ బీమ్‌కు కింది నుంచి తగిలాయి. బీమ్ కొక్కెం నిలువు స్తంభం గాడిలోంచి లేచిపోయింది. పైనున్న ప్యాలెట్ జారి, క్షణం కిందట హమాలీ నిలబడిన చోట పడింది. “ఎవరికీ ఏమీ కాలేదుగా, కాగితాలెందుకు? ఊడ్చెయ్యండి” అన్నాడు సూపర్‌వైజర్.

బీమ్‌ను తిరిగి బిగించేటప్పుడు అతనికి అసలు విషయం కనిపించింది. కొక్కెం పైకి లేవకుండా ఆపే సేఫ్టీ పిన్ అక్కడ లేదు. అదే వరుసలో మరికొన్ని బీమ్‌లకూ లేదు. డ్రైవర్‌ను అడిగితే, “ఇంతకు ముందూ తగిలింది సార్. చెబితే జీతం కోస్తారని చెప్పలేదు” అన్నాడు. తప్పు ఒక్క డ్రైవర్‌ది కాదని, భయమే లోపాన్ని దాచిందని సూపర్‌వైజర్‌కు అర్థమైంది.

ముందుగా ఆ వరుసలోని సరుకు దింపించి, పిన్‌లన్నీ పెట్టించాడు. ఆపై నియమం మార్చాడు: ర్యాక్‌కు ఏది తగిలినా షిఫ్ట్ ముగిసేలోగా చెప్పాలి, చెప్పినందుకు శిక్ష ఉండదు. ఫారంలో “ఎవరు చేశారు” అన్న ప్రశ్న తీసేసి, “ఏం జరిగింది, ఎక్కడ, ఇంకేం జరిగి ఉండేది” అని అడిగాడు.

మొదట్లో ఫిర్యాదులు పెరిగాయి. అది ప్రమాదాలు పెరిగిన గుర్తు కాదు. అంతకు ముందు దాగినవి బయటపడటమే. ఫారాలు ఖాళీగా ఉన్న గోదామునే ముందుగా అనుమానించాలి.