బీరువా ఎటు పడుతుంది?

2024 డిసెంబరు 4 ఉదయం, ఏడున్నర కావస్తోంది. ములుగు జిల్లాలో, నేలకు దాదాపు 40 కిలోమీటర్ల లోతున రాతి పొర కదిలింది. తీవ్రత 5.3. వరంగల్, ఖమ్మం, హైదరాబాద్, విజయవాడ దాకా మంచాలు కదిలాయి, వంటింటి గిన్నెలు గలగలలాడాయి. అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని మెట్లమీదుగా కిందికి పరుగెత్తారు. టిఫిన్ల వేళ కాబట్టి చాలా ఇళ్లలో పొయ్యి వెలుగుతూనే ఉండి ఉంటుంది.

ఆ రోజు ప్రాణనష్టం లేదు. కానీ గోదావరి లోయకు ఇది కొత్త కాదు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. ఇంతకంటే గట్టిది వస్తే మన ఇళ్లలో ముందుగా పడేది గోడ కాకపోవచ్చు. పడకగదిలో మంచం పక్కనే నిలబడ్డ ఇనుప బీరువా కావచ్చు.

పరుగెందుకు వద్దంటే

ఇలాంటి భూకంపాల్లో గట్టి ఊపు ఉండేది సెకన్లే. మూడో అంతస్తు నుంచి నేల మీదికి చేరడానికి ఆ సమయం చాలదు. పైగా నేల పక్కకు కదులుతుంటే కాలు నిలవదు. మెట్ల మీద దొర్లడం, పగిలిన అద్దాల మీద అడుగేయడం, గుమ్మం బయట పిట్టగోడ ఇటుకల కింద చిక్కుకోవడం... దెబ్బలు ఎక్కువగా ఇలాగే తగులుతాయి.

అందుకే ఉన్నచోటే మోకాళ్ల మీదికి దిగాలి. ఊపు పడేసేలోగా మనమే కిందికి దిగడం అన్నమాట. రెండడుగుల దూరంలో గట్టి చెక్క బల్ల ఉంటే దాని కిందికి దూరాలి. ఒక చేత్తో తల, మెడ కప్పుకొని, రెండో చేత్తో బల్ల కాలు పట్టుకోవాలి. పట్టుకోవడం ఎందుకంటే బల్ల కూడా నడుస్తుంది. అది పక్కకు జరిగితే దాంతోపాటు మనమూ జరగాలి. డైనింగ్ టేబుల్ పైభాగం గాజుదైతే దాని కిందికి వెళ్లొద్దు. బల్లే లేకపోతే కిటికీకి, బీరువాకు దూరంగా, లోపలి గోడ వారగా ముడుచుకుని తలను రెండు చేతులతో కప్పుకోవాలి. మంచం మీదుంటే దిగక్కర్లేదు. బోర్లా తిరిగి దిండు తలమీద పెట్టుకుంటే చాలు. మోకాళ్లు వంగని పెద్దవాళ్లు కుర్చీలోనే ముందుకు వంగి తల కాచుకోవచ్చు. గుమ్మం కింద నిలబడమని పెద్దలు చెప్పేవారు. ఇప్పటి ఇళ్లలో ద్వారబంధానికి అంత బలం లేదు.

ఈ సలహాకు ఒక హద్దుంది. అది చెప్పకపోతే అన్యాయం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో వేలమంది చనిపోయారు. అక్కడి ఇళ్లకు మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి కప్పు. అలాంటి ఇల్లు మొత్తంగా కూలినప్పుడు బల్ల ఆపలేదు. ఇప్పటికీ అలాంటి మట్టి, రాతి ఇంట్లో ఉంటూ, తలుపు ఒకటి రెండు అడుగుల దూరంలో ఉండి, బయట ఖాళీ స్థలం ఉంటే బయటికి పోవడమే మేలు. పిల్లర్లు, స్లాబుతో సరిగ్గా కట్టిన ఇంట్లో మాత్రం లోపలే ఆగాలి.

నాలుగో వంతు లెక్క

"ఇంత బరువున్న బీరువా ఎక్కడికి పోతుంది?" అంటారు చాలామంది. బరువుకూ పడటానికీ సంబంధం లేదు. ఎత్తుకూ లోతుకూ ఉంది. మామూలు బీరువా ఆరున్నర అడుగుల ఎత్తు, ఒకటిన్నర అడుగు లోతు. లోతును ఎత్తుతో భాగిస్తే దాదాపు నాలుగో వంతు వస్తుంది. నేల పక్కకు కదిలే త్వరణం గురుత్వాకర్షణలో ఆ నాలుగో వంతు దాటితే బీరువా పాదం లేస్తుంది. భవనం ఊగినప్పుడు పై అంతస్తుల్లో ఊపు ఇంకా పెరుగుతుంది. అడుగు లోతున్న ఆరడుగుల పుస్తకాల అల్మరాకైతే ఆరో వంతే చాలు. బీరువా మీద పెట్టిన సూట్‌కేసులు ఈ లెక్కను ఇంకా చెడగొడతాయి. వెండి, ఇత్తడి సామాను కింది అరలోకి దించి, తేలికైన బట్టలు పైకి సర్దితే కొంత మెరుగు.

ఇప్పుడు పది అడుగుల వెడల్పున్న పడకగదిని తీసుకోండి. బీరువా ఒక గోడకు ఉంది, తలుపులు మంచం వైపు తెరుచుకుంటాయి. వెనక గోడ ఉంది కాబట్టి అది పడితే ముందుకే పడాలి. దాని పైఅంచు సుమారు ఆరున్నర అడుగుల దాకా వస్తుంది. అంటే మంచం మీద దిండు ఉన్నచోటికి. తల దిక్కు మార్చడం ఈ రాత్రికే చేయగలిగిన పని. బీరువాను గది తలుపుకు అడ్డంగా పడేలా మాత్రం జరపొద్దు, దారి మూసుకుపోతుంది.

అసలు మందు మాత్రం పైఅంచును గోడకు బిగించడమే. రెండు ఎల్ క్లాంపులు, యాంకర్ బోల్టులు కావాలి. డ్రిల్లింగ్ మిషన్ నుంచి వచ్చే పొడిని గమనించండి. ముందు తెల్లగా, బూడిదరంగులో వచ్చేది ప్లాస్టరింగ్. దాని తరవాత ఎర్ర పొడి వస్తే ఇటుక తగిలినట్టు. లోపలికి పోతున్నా ఎరుపు రాకుండా మెత్తగా దిగితే అది ఇటుకల మధ్య సిమెంటు అతుకు, పక్కన మరో రంధ్రం వేయాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో వాడే తేలికపాటి సిమెంటు బ్లాకు గోడ అయితే మామూలు బోల్టు దాన్ని చీలుస్తుంది. ఆ గోడకు సరిపడే పొడవాటి యాంకర్ అడిగి తీసుకోవాలి. బీరువా రేకు పలచన కాబట్టి లోపలివైపు వెడల్పాటి వాషర్ వేయకపోతే రేకే చిరుగుతుంది. బిగించాక పైభాగాన్ని చేత్తో గట్టిగా ముందుకు లాగి చూడండి. గోడ నుంచి పొడి రాలినా, క్లాంపు కదిలినా పట్టు ప్లాస్టరింగ్ లోనే ఉందని అర్థం.

ఊపు ఆగాక గ్యాస్

కంపిస్తుండగా పొయ్యి ముందే ఉంటే, నాబ్ చేతికి అందితే తిప్పేసి వెనక్కి జరగండి. మూకుట్లో కాగే నూనె పక్కన ఉండొద్దు. గ్యాస్ బండ దగ్గరికి పరుగెత్తడం అప్పుడు కాదు.

ఊపు పూర్తిగా ఆగాక చెప్పులు వేసుకుని వంటింటి వైపు వెళ్లండి. ఏ స్విచ్ జోలికీ పోకముందు వాసన చూడండి. వంటగ్యాస్ గాలికంటే బరువైనది, నేలబారుగా పరుచుకుంటుంది. అందుకని కొంచెం వంగి చూడాలి. వాసన వస్తే లైటు వేయొద్దు, వెలుగుతున్నది ఆపొద్దు. రెండింటిలోనూ నిప్పురవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యానూ అంతే. కరెంటు పోయినప్పుడు దానంతటదే అందుకునే ఇన్వర్టర్‌నూ, ఫ్రిజ్‌నూ మనం మరిచిపోతుంటాం. మెయిన్ స్విచ్ ఇంటి బయట, వాసన లేనిచోట ఉంటేనే దాన్ని దించాలి.

తలుపులు, కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ నాబ్ ఆఫ్ చేయండి. బండ పక్కకు ఒరిగి ఉంటే నిలబెట్టండి. ఒరిగిన బండలోంచి ఆవిరి బదులు ద్రవమే పైపులోకి రావచ్చు. రెగ్యులేటర్ ఊడదీసి, బండకు దారంతో వేలాడే ప్లాస్టిక్ మూత బిగించండి. అయినా బుస్సుమనే శబ్దం ఆగకపోతే అందరూ బయటికి వచ్చి, దూరం నుంచి 1906కు ఫోన్ చేయాలి. గ్యాస్ లీకుల అత్యవసర నంబరు అదే.

పైపు గ్యాస్ ఉన్న ఇళ్లలో మీటరు దగ్గర వాల్వు ఉంటుంది. దాని పిడి పైపుకు అడ్డంగా నిలిస్తే మూసినట్టు. అమెరికాలో, కాలిఫోర్నియా లాంటి చోట ఉంటున్న మనవాళ్ల పద్ధతి కాస్త వేరు. అక్కడ ఇంటి బయటి మీటరు వాల్వును రెంచీతో పావు వంతు తిప్పుతారు, అదీ వాసనో, బుసో ఉంటేనే. ఒకసారి మూస్తే గ్యాస్ కంపెనీ మనిషే వచ్చి తెరవాలి. పెద్ద భూకంపం తరవాత ఆ మనిషి కోసం చాలా రోజులు ఆగాల్సి రావచ్చు. మన బండకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి వాసన లేకపోయినా రెగ్యులేటర్ మూసేయడమే మంచిది.

మళ్లీ వెలిగించేముందు సబ్బు నురుగు కలపండి. రెగ్యులేటర్ తిరిగి అమర్చి నాబ్ తెరిచి, అది కూర్చున్న చోటా, గొట్టం రెండు కొసలా, పొయ్యి దగ్గరి అతుకులోనూ ఆ నురుగు రాయండి. బుడగలు ఉబ్బితే అక్కడ లీకు ఉన్నట్టే, వెంటనే మూసేసి గ్యాస్ ఏజెన్సీకి చెప్పాలి. ఉబ్బకపోతే అగ్గిపుల్ల గీయొచ్చు. ఆ తరవాత గంటల్లోనో, రోజుల్లోనో మళ్లీ కంపిస్తే గ్యాస్ మూసి, ఈ నురుగు పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.