పరువునష్టం: 1860 నాటి సెక్షన్ సూరత్ కోర్టు దాకా ఎలా వచ్చింది? కొత్త చట్టంలో ఏం మిగిలింది?

2023 మార్చి 23న గుజరాత్‌లోని సూరత్ చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ కోర్టు కాంగ్రెస్ నాయకుడు రాహుల్ గాంధీకి రెండేళ్ల జైలు శిక్ష విధించింది. 2019 ఏప్రిల్‌లో కర్ణాటకలోని కోలార్ ఎన్నికల సభలో 'మోదీ' ఇంటిపేరును ప్రస్తావిస్తూ ఆయన చేసిన వ్యాఖ్యలపై సూరత్ పశ్చిమ నియోజకవర్గ బీజేపీ ఎమ్మెల్యే పూర్ణేశ్ మోదీ ఈ ఫిర్యాదు చేశారు. తీర్పు వచ్చిన మరునాడే లోక్‌సభ సచివాలయం రాహుల్ సభ్యత్వం రద్దయినట్లు ప్రకటించింది.

ఆ రోజుల్లో చర్చంతా రాజకీయాల చుట్టూనే తిరిగింది. ఆ తీర్పుకు ఆధారమైన భారత శిక్షాస్మృతి 499, 500 సెక్షన్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నది అంతగా చర్చకు రాలేదు. అవి 1860లో రూపొందిన సెక్షన్లు. వాటి తొలి ముసాయిదా అంతకన్నా 23 ఏళ్లు పాతది. 2024 జులై 1న శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినా, ఆ సెక్షన్ల సారాంశం 356వ సెక్షన్‌లో దాదాపు యథాతథంగా ఉంది.

సూరత్‌కు శిక్షాస్మృతి కంటే ముందే స్మృతి

భారతదేశంలో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ తొలి వర్తక స్థావరాల్లో సూరత్ ఒకటి. 1800లో నగర పాలన పూర్తిగా కంపెనీ చేతికి వచ్చింది. బొంబాయి ప్రెసిడెన్సీ ఉన్నత న్యాయస్థానమైన సదర్ అదాలత్ కూడా కొన్నేళ్లపాటు ఇక్కడే పనిచేసి, 1820ల చివర్లో బొంబాయికి తరలింది.

ఆ కాలంలో నేరానికి శిక్ష ఏమిటన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఉండేది కాదు. బెంగాల్, మద్రాసు ప్రాంతాల్లో ఇస్లామిక్ నేర న్యాయం పునాదిగా ఉండగా, దానిపై కంపెనీ రెగ్యులేషన్లు పొరలు పొరలుగా చేరాయి. బొంబాయి ప్రెసిడెన్సీలో నిందితుడి మతాన్ని బట్టి వర్తించే న్యాయం మారేది. ఈ పద్ధతిని గవర్నర్ మౌంట్‌స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్ 1827లో మార్చారు. ఆ ఏడాది వచ్చిన 14వ రెగ్యులేషన్ నేరాలనూ శిక్షలనూ ఒకచోట చేర్చింది. అంటే మెకాలే కలం పట్టడానికి ముందే సూరత్‌లో ఒక నేర స్మృతి అమల్లో ఉంది.

మెకాలేకు ఆ స్మృతి నచ్చలేదు. 1833 చార్టర్ చట్టం ప్రకారం ఏర్పాటైన లా కమిషన్‌కు అధ్యక్షుడిగా ఆయన 1837 అక్టోబరులో గవర్నర్ జనరల్‌కు ముసాయిదా సమర్పించారు. ఒకచోట కూర్చిన చట్టం కావడం తప్ప బొంబాయి స్మృతికి మిగతా ప్రెసిడెన్సీల చట్టాల కంటే ప్రత్యేకమైన గొప్పతనం లేదని కమిషన్ అందులో తేల్చేసింది. కమిషన్‌లో బొంబాయి తరఫున ఒక సభ్యుడు ఉన్నా ఆ మాట మెత్తబడలేదు.

ఇంగ్లండ్ న్యాయం నుంచి మెకాలే ఎక్కడ పక్కకు జరిగారు?

వలస పాలకులు తమ దేశపు చట్టాన్ని తెచ్చి ఇక్కడ రుద్దారన్న మాట తరచూ వినిపిస్తుంది. పరువునష్టం విషయంలో అది పూర్తిగా నిజం కాదు.

అప్పటి ఇంగ్లండ్‌లో ఒకరి పరువు తీసే రాత నేరమయ్యేది. అది శాంతిభద్రతలకు భంగం కలిగిస్తుందన్నది అందుకు చెప్పే కారణం. రాసింది నిజమే అయినా నిందితుడు బయటపడేవాడు కాదు. నిజమైన నిందే ఎక్కువ గొడవకు దారితీస్తుందని అక్కడి న్యాయవాదులు వాదించేవారు. నోటి మాటగా అన్నదానికి మాత్రం సాధారణంగా క్రిమినల్ కేసు ఉండేది కాదు.

మెకాలే బృందం ఈ తర్కాన్ని తలకిందులు చేసింది. గొడవ జరుగుతుందా లేదా అన్నది కాదు, ఆ మాట వల్ల బాధితుడికి కలిగే వేదనే నేరానికి మూలమని చెప్పింది. అలా అనుకున్నాక మాటకూ రాతకూ తేడా చూపాల్సిన అవసరం లేకపోయింది. చెప్పింది నిజమైతే అసలు నేరమే కాదని కూడా ముసాయిదా పేర్కొంది.

ఇంగ్లండ్ కంటే ఇది ఒక వైపు ఉదారం, మరో వైపు కఠినం. నిజం చెప్పినవారికి రక్షణ దొరికింది. కానీ సభలో నోటి నుంచి జారిన మాట కూడా జైలుకు దారితీసే నేరమైంది. కోలార్ ప్రసంగం కేసుగా మారడానికి మూలం ఈ రెండో మార్పులోనే ఉంది.

ముసాయిదా రెండు దశాబ్దాలకు పైగా అటకెక్కింది. 1857 తిరుగుబాటు తర్వాత బార్న్స్ పీకాక్ సవరణలతో అది 1860 అక్టోబరు 6న చట్టమై, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఈ మధ్యలో నిజానికి ఇచ్చిన రక్షణ కుదించుకుపోయింది. చెప్పింది నిజమైతే చాలదు, దాన్ని చెప్పడం ప్రజాహితం కోసం కూడా అయి ఉండాలన్న షరతు చేరింది. ఇంగ్లండ్ 1843లో ఇలాంటి షరతుతోనే తన చట్టాన్ని సడలించింది. మెకాలే దాటి వెళ్లిన గీత దగ్గరికే 1860 చట్టం తిరిగి వచ్చిందన్నమాట. నేటికీ మొదటి మినహాయింపు ఆ రూపంలోనే ఉంది.

సూరత్‌లో తలెత్తిన ప్రశ్న

499వ సెక్షన్‌కు నాలుగు వివరణలు, పది మినహాయింపులు ఉన్నాయి. వ్యక్తులతో పాటు కంపెనీ, సంఘం లేదా 'వ్యక్తుల సమూహం'పై చేసిన నింద కూడా పరువునష్టం కావచ్చని రెండో వివరణ చెబుతుంది. సూరత్ కేసులో వాదప్రతివాదాలు చాలావరకు దీని చుట్టూ తిరిగాయి. ఆ ఇంటిపేరు ఉన్నవారందరినీ అవమానించారన్నది ఫిర్యాదుదారు వాదన. ఒక ఇంటిపేరుతో నిర్దిష్టమైన సమూహం ఏర్పడదని, అది వేర్వేరు కులాల్లో కనిపిస్తుందని రాహుల్ తరఫు న్యాయవాదులు వాదించారు.

ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. తమిళనాడులో ద్రావిడ కళగం సదస్సు తీర్మానాన్ని పత్రికలు ప్రచురించిన తీరుపై వేసిన పరువునష్టం కేసును సుప్రీంకోర్టు 1972లో కొట్టివేసింది. సమూహం అంటే ఫలానావారు అని గుర్తించగలిగేంత స్పష్టంగా ఉండాలని, సదస్సుకు హాజరైన జనం అలాంటి సమూహం కాదని ఆ తీర్పు చెప్పింది. దీనికి విధానపరమైన కారణం కూడా ఉంది. పరువునష్టంలో పోలీసులు సొంతంగా కేసు పెట్టలేరు. బాధితుడే నేరుగా మేజిస్ట్రేట్ ముందు ఫిర్యాదు చేయాలి. సమూహానికి హద్దులు లేకపోతే బాధితుల సంఖ్యకూ హద్దు ఉండదు. అప్పుడు దేశంలో ఎవరైనా, ఎక్కడైనా కేసు వేయవచ్చు. సూరత్ మేజిస్ట్రేట్ మాత్రం ఫిర్యాదుదారు వాదనను అంగీకరించారు.

రెండేళ్లు అన్న అంకె

500వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్ల సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 1860లో ఆ అంకెకు శిక్ష పరిమితి అనే తప్ప మరో అర్థం లేదు. ఎన్నికలే లేని దేశంలో చట్టసభ సభ్యత్వం గురించి ఆలోచించే పని ఆ చట్టకర్తలకు లేదు.

1951లో వచ్చిన ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) సెక్షన్‌లో, రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడినవారు చట్టసభ సభ్యత్వానికి అనర్హులని చెప్పింది. పదవిలో ఉన్న సభ్యులు మూడు నెలల్లో అప్పీలు చేసుకుంటే అనర్హత ఆగిపోయేది. ఆ వెసులుబాటును సుప్రీంకోర్టు 2013 జులైలో లిలీ థామస్ కేసులో కొట్టివేసింది. దాంతో 1860 నాటి గరిష్ఠ పరిమితి, 1951 నాటి కనిష్ఠ పరిమితి ఒకే అంకె దగ్గర కలుసుకున్నాయి. పరువునష్టం కేసులో పూర్తి శిక్ష వేస్తే సభ్యత్వం పోతుంది, ఒక్క రోజు తగ్గించినా నిలుస్తుంది.

సుప్రీంకోర్టు పట్టుకున్నది సరిగ్గా ఈ అంశాన్నే. శిక్ష అమలును నిలిపివేసినప్పటికీ, నేర నిర్ధారణపై స్టే ఇవ్వడానికి సూరత్ సెషన్స్ కోర్టు 2023 ఏప్రిల్ 20న, గుజరాత్ హైకోర్టు జులై 7న నిరాకరించాయి. ఆగస్టు 4న జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ సంజయ్ కుమార్‌ల ధర్మాసనం ఆ స్టే ఇచ్చింది. గరిష్ఠ శిక్ష ఎందుకు వేయాల్సి వచ్చిందో కింది కోర్టు కారణం చెప్పలేదని, ఒక్క రోజు తక్కువైనా అనర్హత వర్తించేది కాదని గుర్తు చేసింది. ప్రజా జీవితంలో ఉన్నవారు మాట్లాడేటప్పుడు జాగ్రత్త పాటించాలని కూడా వ్యాఖ్యానించింది. ఆగస్టు 7న రాహుల్ లోక్‌సభ సభ్యత్వం పునరుద్ధరణ జరిగింది. అయితే ఆయన నేరం చేశారా లేదా అన్నది సుప్రీంకోర్టు తేల్చలేదు. ఆ ప్రశ్నను సూరత్ సెషన్స్ కోర్టులోని అప్పీలుకే వదిలేసింది.

కొత్త సంహితలో ఏం మారింది?

వలసవాద చట్టాల స్థానంలో దేశీయ చట్టాలు తెస్తున్నామని 2023లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. పరువునష్టానికి సంబంధించినంత వరకు మార్పు కొద్దిగానే ఉంది. నాలుగు సెక్షన్లుగా ఉన్నది ఒకే సెక్షన్‌లో నాలుగు భాగాలైంది. నిర్వచనం, వివరణలు, పది మినహాయింపులు అలాగే ఉన్నాయి. 'జడ్ నిజాయతీపరుడు, బి గడియారాన్ని అతను ఎన్నడూ దొంగిలించలేదు' అని వ్యంగ్యంగా అనడం కూడా పరువునష్టమేనని చెప్పే పాత ఉదాహరణను సైతం తొలగించలేదు. ఒకరిని కులం విషయంలోనో వృత్తి విషయంలోనో తక్కువ చేసే మాట పరువుకు హాని అవుతుందన్న నాలుగో వివరణా చెక్కుచెదరలేదు.

నిజంగా కొత్తవి రెండు. మొదటిది శిక్షలో సమాజ సేవను ప్రత్యామ్నాయంగా చేర్చడం. రెండేళ్ల గరిష్ఠ పరిమితిని మాత్రం కదపలేదు కాబట్టి అనర్హతతో ఉన్న ముడి అలాగే ఉంది. రెండోది నేర విచారణ విధానాన్ని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్‌లో ఉంది. ఇలాంటి ప్రైవేటు ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందు నిందితుడికి తన మాట చెప్పుకునే అవకాశం మేజిస్ట్రేట్ ఇవ్వాలి. పాత విధానంలో ఆ దశలో నిందితుడికి చోటు ఉండేది కాదు. కేసులు ఎదుర్కొనే విలేకరులకు, రాజకీయ నాయకులకు శిక్ష రూపం మారడం కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడవచ్చు.

ఈ నేరాన్ని తొలగించే అవకాశం రాకపోలేదు. క్రిమినల్ పరువునష్టం రాజ్యాంగ విరుద్ధమన్న వాదనను సుప్రీంకోర్టు 2016లో సుబ్రమణియన్ స్వామి కేసులో తిరస్కరించింది. పరువు కూడా జీవించే హక్కులో భాగమేనని పేర్కొంది. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ సైతం దీన్ని కొనసాగించాలనే సిఫారసు చేసింది. భారత శిక్షాస్మృతి నమూనాపై చట్టం తెచ్చుకున్న శ్రీలంక 2002లోనే క్రిమినల్ పరువునష్టాన్ని రద్దు చేసింది. ఇంగ్లండ్‌లో 2009 నాటి చట్టం ద్వారా 2010 జనవరి నుంచి అది నేరం కాదు.

రద్దయిన శిక్షాస్మృతి కూడా పూర్తిగా కనుమరుగు కాలేదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే వర్తిస్తుందని కొత్త సంహిత 358వ సెక్షన్ చెబుతోంది. కోలార్ ప్రసంగం 2019 నాటిది కాబట్టి, సూరత్ అప్పీలులో న్యాయమూర్తి తిరగేయాల్సింది 1860 నాటి 499వ సెక్షన్‌నే.