శకుని అసలు పాచిక

ఇంద్రప్రస్థం నుంచి హస్తినకు తిరిగి వస్తున్నప్పుడు దుర్యోధనుడి నోట మాట లేదు. రాజసూయంలో రాజులంతా ధర్మరాజుకు తెచ్చిపోసిన కానుకలు కళ్లారా చూశాడు. మయసభలో నేలనుకుని నీళ్లలో పడి నవ్వులపాలయ్యాడు. మేనమామ గుచ్చి గుచ్చి అడిగితే విషం తాగుతాను, నిప్పుల్లో దూకుతాను అన్నాడు.

విచిత్రమేమిటంటే, ఆ దారిలో శకుని యుద్ధం వద్దనే చెప్పాడు. కృష్ణుడు, ద్రుపదుడు అండగా ఉన్న భీమార్జునులను కత్తితో గెలవలేమని లెక్క చెప్పాడు. ధర్మరాజుకు జూదమంటే ఇష్టం, ఆడటం మాత్రం రాదు, పిలిస్తే కాదనలేడు. కాబట్టి పిలిపించు, ఆట సంగతి నేను చూసుకుంటాను అన్నాడు. ధృతరాష్ట్రుడి దగ్గర మాత్రం జూదం ఊసెత్తకుండా మొదలుపెట్టాడు. నీ కొడుకు పాలిపోయాడు, చిక్కి సగమయ్యాడు, నీకు పట్టదా అన్నాడు. విదురుడు వద్దని మొత్తుకున్నా, కొడుకు మీది మమకారమే గెలిచింది.

సభలో పందెం దుర్యోధనుడిది, పాచికలు శకునివి. ఒకడి బదులు ఇంకొకడు ఆడటమేమిటని ధర్మరాజు అడిగాడు, అడిగి కూర్చున్నాడు. ముత్యాలు, బంగారం, రథం, ఏనుగులు, గుర్రాలు ఒక్కొక్కటే పోయాయి. ప్రతి పందేనికీ శకుని గెలిచానన్న ఒక్క మాటే అన్నాడు. నకుల సహదేవులు కూడా పోయాక మాట పెంచాడు. మాద్రి కొడుకులను ఒడ్డావు, భీమార్జునులు మాత్రం నీకు ఎక్కువనుకుంటాను అని పొడిచాడు. సవతి తల్లి బిడ్డలని చిన్నచూపు చూశాడన్న నింద భరించలేక ధర్మరాజు వాళ్లనూ, చివరికి తననూ ఒడ్డాడు. ఇంకా సొత్తు మిగిలుండగా తనను తాను పోగొట్టుకోవడం పాపమంటూ ద్రౌపది పేరెత్తింది కూడా శకునే. పాచికల్లో మోసం ఉందని వ్యాసుడే చెప్పాడు, సరే. కానీ ద్రౌపది దాకా ఆటను లాగింది ఈ రెండు మాటలే.

ఆమెకు జరిగిన అవమానం చూసి హడలిన ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగిచ్చేశాడు. కథ అక్కడితో ఆగవలసింది. మళ్లీ పిలిపించి, ఓడినవాళ్లు 12 ఏళ్లు వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం చెయ్యాలన్న షరతును సభలో చదివింది శకుని. ఒక్క పందెంతో అదీ గెలిచాడు. గడువు తీరాక రాజ్యం ఇవ్వనన్నందుకే కురుక్షేత్రం. అడవికి పోతూ సహదేవుడు శకునిని చంపుతానని శపథం చేశాడు, 18వ రోజున చంపాడు.

తండ్రి ఎముకలతో పాచికలు చేయించి, కౌరవ వంశాన్ని నాశనం చెయ్యడానికే వచ్చాడన్న కథ మనకు బాగా తెలుసు. ధూళిపాళ శకునిగా నటించిన ‘శ్రీకృష్ణ పాండవీయం’ (1966) దాన్ని మన ఇళ్లలో స్థిరపరిచింది. వ్యాస భారతంలో అది లేదు. పైగా ఘోషయాత్రలో గంధర్వుల చేతిలో భంగపడి, పాండవుల దయతో బయటపడ్డ దుర్యోధనుడు నిరాహారంగా చావబోతే, వాళ్ల రాజ్యం వాళ్లకిచ్చి సంధి చేసుకోమని చెప్పినవాడు ఈ శకునే. కౌరవుల నాశనమే కోరినవాడైతే ఆ సలహా ఇచ్చేవాడు కాదు.